తిండి పెరగలేదు, బరువు మాత్రం 68 నుంచి 77కి ఎలా వచ్చింది?

గాజువాక_గోపి
నాకు 43 ఏళ్లు. పన్నెండేళ్ల కిందట, పెళ్లయిన ఏడాది 68 కిలోలు ఉండేవాడిని. మొన్న చూసుకుంటే 77. మా ఆవిడ సాక్షిగా చెబుతున్నా, తిండి పెంచలేదు. పొద్దున నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, రాత్రి మూడు చపాతీలు, అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. మందు లేదు. థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించా, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. డాక్టర్ గారు "వయసొస్తోంది కదండీ" అని నవ్వి పంపించేశారు.

ఇంకో విచిత్రం. ప్యాంటు నడుం దగ్గర 32 నుంచి 37కి వెళ్లింది గానీ తొడల దగ్గర మాత్రం వదులైపోయింది. బరువు పెరిగితే అన్నీ పెరగాలి కదా? తొడలు ఎందుకు తగ్గాయి?

మురీమిక్స్చర్
తొడల్లోది నడుంకి ట్రాన్స్‌ఫర్ అయింది అన్నా. మన ఆఫీసులో ట్రాన్స్‌ఫర్లు రావు గానీ ఒంట్లో మాత్రం బాగానే అవుతాయి.

పాత_బస్టాండు
ఇందులో విచిత్రం ఏముంది. తినేది తక్కువని అందరూ అనుకుంటారు. ఒక వారం రోజులు నోట్లోకి వెళ్లేదంతా రాసుకోండి, బజ్జీలు, పునుగులు, టీలో చక్కెరతో సహా. మీకే తెలుస్తుంది.

గాజువాక_గోపి
@పాత_బస్టాండు రాశానండి. బజ్జీలు వారానికి రెండు సార్లు. అప్పట్లో రోజూ తినేవాడిని! సైట్లో పని అయ్యాక అందరం కలిసి బండి దగ్గరకు వెళ్లేవాళ్లం.

ఐరన్_చిన్నా
అన్నా, సింపుల్. కండ పోయింది, కొవ్వు వచ్చింది. ముప్పై దాటాక వ్యాయామం చేయకపోతే కండ కరుగుతూనే ఉంటుంది. ఒక కిలో కండ రోజుకి 100 కేలరీలు తింటుంది, మా ట్రైనర్ చెప్పాడు. నీకు మూడు కిలోలు పోయిందనుకో, రోజుకి 300 కేలరీలు మిగిలిపోతున్నాయి. జిమ్‌లో చేరి మూడు కిలోలు వెనక్కి తెచ్చుకో, అంతే సంగతి.

లెక్కల_మాస్టారు
చిన్నా, నీ లెక్క ఒకసారి పట్టి చూద్దాం. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయంటారు. రోజుకి 300 మిగిలితే ఏడాదికి 1,09,500. అంటే ఏడాదికి 14 కిలోలు పెరగాలి. గోపి పన్నెండేళ్లలో పెరిగింది 9 కిలోలు.

తిరగేసి చేస్తే, ఏడాదికి 750 గ్రాములు. 750 గ్రాములకు 5,775 కేలరీలు, 365తో భాగిస్తే రోజుకి 16 కేలరీలు. పదహారు! ఒక ఇడ్లీలో మూడో వంతు. ఇంత చిన్న తేడా ఏ డైరీలోనూ దొరకదు. అందుకే గోపి అబద్ధం చెప్పట్లేదు, బస్టాండు గారు చెప్పిందీ తప్పు కాదు.

హార్బర్_రాజు
అయితే రోజూ ఇడ్లీ అంచు వదిలేస్తే సరి.

ఫిజియో_పద్మజ
పాతికేళ్లుగా మోకాళ్లు, నడుములు చూస్తున్నదాన్ని, ఇందులో కొంచెం కలగజేసుకుంటాను.

చిన్నా చెప్పిన దిశ సరే, అంకె తప్పు. కిలో కండ ఊరికే ఉన్నప్పుడు రోజుకి ఖర్చు చేసేది 13 కేలరీల చుట్టుపక్కల. కిలో కొవ్వు నాలుగు, నాలుగున్నర. నిజంగా విపరీతంగా తినేవి గుండె, కిడ్నీలు, మెదడు, కాలేయం. అవన్నీ కలిపినా నాలుగు కిలోలు ఉండవు, కానీ మనం ఊరికే పడుకున్నప్పుడు అయ్యే ఖర్చులో సగానికి పైగా వాటిదే. 100 అనే అంకె జిమ్ముల్లో చాలా ఏళ్లుగా తిరుగుతోంది. ఎవరు మొదలుపెట్టారో గానీ తీసేయలేకపోతున్నాం.

మాస్టారి 16కి కూడా ఒక చిక్కు ఉంది. రేపు రాస్తాను, పేషెంట్ వచ్చారు.

ఐరన్_చిన్నా
మేడం, 13 అయితే మరి కండ గురించి ఇంత గోల ఎందుకు? మూడు కిలోలు పోతే 39 కేలరీలు. ఒక బిస్కెట్.

మధురవాడ_నైట్‌షిఫ్ట్
నేను 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన గురించి చదివాను. 29 దేశాల్లో 6,400 మందికి పైగా, ఎనిమిది రోజుల పసిపాప నుంచి 95 ఏళ్ల వాళ్ల దాకా కొలిచారు. ప్రత్యేకమైన నీళ్లు తాగించి, మూత్రంలో ఆ నీటి జాడ ఎంత త్వరగా తగ్గుతోందో చూసి రోజు ఖర్చు లెక్క కట్టారు. 20 నుంచి 60 ఏళ్ల దాకా ఖర్చు తగ్గనే తగ్గదని తేలింది. కాబట్టి వయసొచ్చిందని, మెటబాలిజం మందగించిందని అనడం సాకు మాత్రమే. గోపి గారు, సారీ.

వంటింటి_లక్ష్మి
అది మగవాళ్ల మీద చేసిన పరిశోధన అయ్యుంటుంది. నాకు 46, నెలసరి అటూ ఇటూ అవుతున్నప్పటి నుంచి గాలి పీల్చినా పెరుగుతున్నాను.

మధురవాడ_నైట్‌షిఫ్ట్
ఆడవాళ్లూ ఉన్నారండీ, ఎక్కువ మందే ఉన్నారు.

సింహాచలం_మెట్లు
గోపి గారు, మోకాళ్ల నొప్పికి నేను వాడిన తైలం పేరు కావాలంటే మెసేజ్ చేయండి. నడవడం మొదలుపెట్టండి. నేను ఏటా గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడుస్తాను, 61 ఏళ్లు, ఇప్పటికీ 58 కిలోలే.

గాజువాక_గోపి
@సింహాచలం_మెట్లు నాకు మోకాళ్ల నొప్పి లేదండి. తొడలు సన్నబడ్డాయని అన్నాను.

ఫిజియో_పద్మజ
సరే, ఒక్కొక్కటిగా చెబుతాను.

నైట్‌షిఫ్ట్ గారు చెప్పిన పరిశోధన నిజమే, మంచిదే. కానీ అందులో ఒక షరతు ఉంది. 20 నుంచి 60 దాకా మారలేదన్నది కొవ్వు తీసేసిన ఒంటి బరువుతో సరిపోల్చి చూశాక చెప్పిన మాట. అంటే ఒకే మోతాదు కండ, ఒకే మోతాదు అవయవాలు ఉన్న 25 ఏళ్ల వాడికీ 50 ఏళ్ల వాడికీ ఖర్చు ఒకటే. కండలో కాలుతున్న మంట వయసుతో చల్లారలేదు. కానీ కండే తగ్గిపోతే? స్టవ్ బాగానే ఉంది, బర్నర్లు నాలుగు ఉండాల్సిన చోట మూడే ఉన్నాయి. మీరు స్టవ్ గురించి చెబుతున్నారు, గోపి బర్నర్ల గురించి అడుగుతున్నాడు.

ఇప్పుడు మాస్టారి 16. గోపి మొదటి ఏడాది రోజుకి 16 కేలరీలు ఎక్కువ తిన్నాడనుకోండి, కొంచెం పెరుగుతాడు. పెరిగిన ఒళ్లు మోయడానికీ, దాన్ని పోషించడానికీ ఖర్చు అవుతుంది. స్థూలంగా కిలో పెరిగితే రోజు ఖర్చు 24 కేలరీల దాకా పెరుగుతుంది. అంటే ఆ 16 తేడా, కిలో కూడా పెరగకముందే దానంతట అదే పూడిపోతుంది. ఇంకా పెరగాలంటే తేడా మళ్లీ పుట్టాలి. పన్నెండేళ్లూ ఆగకుండా పెరిగాడంటే, ఆ తేడాను ఏటా కొత్తగా పుట్టిస్తున్నది ఏదో ఉంది.

లెక్కల_మాస్టారు
అమ్మా, ఒప్పుకున్నాను. నేను కుండలో నీళ్లు పోస్తున్నట్టు లెక్క వేశాను, కుండకి చిల్లు ఉందని, నీళ్లు పెరిగే కొద్దీ చిల్లులోంచి ఎక్కువ పోతాయని మర్చిపోయాను. అయితే 9 కిలోలకు 9 × 24 = 216. అంటే ఇవాళ్టి గోపి, ఆనాటి గోపి కన్నా, బరువు పెరగడం వల్ల వచ్చే ఖర్చును పక్కన పెడితే, రోజుకి 200 పైచిలుకు తక్కువ ఖర్చు చేస్తూ ఉండాలి. లేదా ఎక్కువ తింటూ ఉండాలి.

ఫిజియో_పద్మజ
అదే. ఆ 200 ఎక్కడ పోయాయన్నదే అసలు ప్రశ్న. గోపీ, అప్పుడు ఏం పని చేసేవాడివి, ఇప్పుడు ఏం చేస్తున్నావు? ఒంట్లో కొవ్వు శాతం ఎప్పుడైనా చూపించుకున్నావా?

గాజువాక_గోపి
అప్పుడు సైట్ సూపర్‌వైజర్ని మేడం. పొద్దున్నుంచీ యార్డులో తిరగడం, మెట్లెక్కడం, రోజుకి ఐదారు కిలోమీటర్లు నడక ఉండేది. సామాన్లు కూడా మోసేవాళ్లం. 2016లో బిల్లింగ్ సీటుకి వచ్చాను. ఇప్పుడు బండి పార్కింగ్ నుంచి లిఫ్ట్ దాకా, లిఫ్ట్ నుంచి కుర్చీ దాకా. రెండు కిలోమీటర్లు కూడా ఉండదు.

కొవ్వు శాతం ఈ మధ్య జిమ్ ఆఫర్‌లో మిషన్ మీద నిలబెడితే 32 అని చూపించింది. అప్పటిది తెలియదు.

మధురవాడ_నైట్‌షిఫ్ట్
ఆ మిషన్లు నమ్మకండి. నా దగ్గర ఇంట్లో ఒకటి ఉంది. షిఫ్ట్ దిగి వచ్చాక 29, నీళ్లు తాగి పడుకుని లేచాక 26. నిద్రలో మూడు శాతం కొవ్వు కరిగిందంటే నేను నమ్మలేదు.

ఫిజియో_పద్మజ
అవును. అవి కాళ్లలోంచి చిన్న కరెంటు పంపి, ఒంట్లో నీటిని బట్టి అంచనా కడతాయి. నీళ్లు తగ్గితే కొవ్వు ఎక్కువగా చూపిస్తాయి. ఒక రోజు అంకెకు విలువ లేదు. ఒకే మిషన్, ఒకే టైము, పొద్దున బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, నెలల తరబడి చూస్తే ఎటు పోతోందో కొంచెం తెలుస్తుంది.

ప్రస్తుతానికి గోపి 32నే పట్టుకుందాం. అప్పుడు యార్డులో తిరిగే కుర్రాడు, 20 శాతం అనుకుందాం. ఇది నా ఊహే.

అప్పుడు 68 కిలోలు: కొవ్వు 13.6, మిగతా ఒళ్లు 54.4.
ఇప్పుడు 77 కిలోలు: కొవ్వు 24.6, మిగతా ఒళ్లు 52.4.

పెరిగింది 9 కాదు. కొవ్వు 11 పెరిగింది, కండ 2 పోయింది. తూకం 9 అని చెప్పి ఊరుకుంది. తొడల దగ్గర ప్యాంటు ఎందుకు వదులైందో ఇక్కడ ఉంది జవాబు. మనవాళ్లకి కొవ్వు ముందు పొట్టలో చేరుతుంది, కండ ముందు కాళ్లలో పోతుంది, ఎందుకంటే కుర్చీలో కూర్చుంటే సెలవు దొరికేది కాళ్లకే.

లెక్కల_మాస్టారు
ఆగండి ఆగండి. కండ 2 × 13 = 26 తగ్గింది. కొవ్వు 11 × 4.5 = 50 దాకా పెరిగింది. అంటే ఊరికే పడుకున్నప్పుడు గోపి ఖర్చు ఇప్పుడు 24 కేలరీలు *ఎక్కువ*! మీ సిద్ధాంతం తలకిందులైంది కదమ్మా?

పాత_బస్టాండు
నేను ముందే చెప్పాను. తిండే.

మురీమిక్స్చర్
పాప్‌కార్న్ దొరకలేదు, ఉన్న మురీ మిక్స్చర్‌తోనే కూర్చున్నా. సాగనివ్వండి.

ఫిజియో_పద్మజ
తలకిందులు కాలేదు మాస్టారూ, అదే మీ చిల్లు కుండ. కండ పోయి ఖర్చు తగ్గింది, తగ్గిన ఖర్చును కొవ్వు చేరి పూడ్చింది. ఇవాళ 77 దగ్గర గోపి నిలకడగా ఉన్నాడంటే, లోటు తీరిందని అర్థం. లోటు తీర్చింది పొట్ట. ఇప్పుడు అతని ఖర్చు తక్కువగా కనిపించకపోవడానికి కారణం అతను పెరిగి ఉండటమే.

తేడా తెలియాలంటే రెండు 68లను పక్కపక్కన పెట్టాలి. గోపి ఇప్పుడు తిండి తగ్గించి, వ్యాయామం లేకుండా 9 కిలోలు దిగాడనుకోండి. అలా దిగినప్పుడు పోయేదాంట్లో నాలుగో వంతు దాకా కండే ఉంటుంది. అంటే కొవ్వు 6.75, కండ 2.25. మిగిలేది కొవ్వు దాదాపు 18, మిగతా ఒళ్లు 50. తూకం 68 అంటుంది, పెళ్లినాటి ప్యాంటు పట్టొచ్చు. కానీ పెళ్లినాటి ఒళ్లు కాదు, నాలుగు కిలోల పైచిలుకు కండ తక్కువ. ఊరికే కూర్చుంటే అయ్యే ఖర్చు 35, 40 కేలరీలు తక్కువ. ఆనాటి తిండికి తిరిగి వెళ్తే మళ్లీ పెరగడం ఖాయం, పెరిగేది ఎక్కువగా కొవ్వే.

వంటింటి_లక్ష్మి
ఇది నా కథే. 2022లో రాత్రి అన్నం మానేసి, జావ తాగి, మూడు నెలల్లో 9 కిలోలు తగ్గాను. చుట్టాలంతా మెచ్చుకున్నారు. ఏడాదిన్నరలో పది తిరిగొచ్చాయి. తమాషా ఏంటంటే అదే బరువులో అంతకుముందు పట్టిన జాకెట్లు ఇప్పుడు నడుం దగ్గర పట్టవు, చేతుల దగ్గర వదులు. బియ్యం డబ్బా ఒక్క చేత్తో దించేదాన్ని, ఇప్పుడు అబ్బాయిని పిలుస్తున్నాను. నెలసరి వల్ల అనుకున్నాను.

ఫిజియో_పద్మజ
లక్ష్మి గారు, దాని పాత్రా ఉంటుంది. ఆ వయసులో హార్మోన్లు తగ్గితే కొవ్వు చేరే చోటు తొడల నుంచి పొట్టకి మారుతుంది. కానీ మీరు చెప్పిన వరుస చూస్తే జావ నెలలే పెద్ద దెబ్బ కొట్టినట్టున్నాయి. బియ్యం డబ్బా మంచి పరీక్ష, ఏ మిషన్ కన్నా నయం.

ఐరన్_చిన్నా
మేడం నేను అడిగిన దానికి జవాబు రాలేదు. 200 కేలరీల్లో కండది 26. మిగతా 170, 180 ఎవరివి?

ఫిజియో_పద్మజ
మంచి ప్రశ్న. నడక. గోపి సైజు మనిషి కిలోమీటర్ నడిస్తే 45 కేలరీలు వేసుకో. రోజుకి నాలుగు కిలోమీటర్లు తగ్గింది, 180. దానికి 26 కలిపితే 206. మాస్టారు 216 అన్నారు. ఇంత బాగా కలవడం యాదృచ్ఛికం, ఊహల మీద ఊహలు పేర్చాను, కాబట్టి ఎవరూ దీన్ని గోడకి అంటించుకోవద్దు. కానీ వాటాలు ఏ పాళ్లలో ఉంటాయో తెలుస్తుంది.

ఐరన్_చిన్నా
అంటే కండ కాదు, నడక తగ్గడమే కారణం. మరి టాపిక్ అయిపోయింది.

ఫిజియో_పద్మజ
అక్కడే నేను ఒప్పుకోను. రెండూ విడివిడి సంగతులు కావు. కుర్చీలో కూర్చుని తొడ కండ రెండు కిలోలు పోయినవాడికి మూడో అంతస్తు బరువుగా అనిపిస్తుంది, లిఫ్ట్ నొక్కుతాడు. లిఫ్ట్ నొక్కితే కండ ఇంకొంచెం పోతుంది. ఎవరూ "నేను ఇవాళ్టి నుంచి తక్కువ కదులుతాను" అని నిర్ణయించుకోరు. కింద పడిన పెన్ను వంగి తీయడానికి బదులు కాలితో జరుపుతారు. వందసార్లు ఇలా జరిగితే అది ఖర్చులో కనిపిస్తుంది, కానీ మనిషికి గుర్తుండదు. నేను చూసే నలభైల వాళ్లలో సగం మంది "నేను బాగానే తిరుగుతాను" అనే అంటారు.

ఇంకోటి. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరను ఎక్కువగా దాచుకునేది కండే. అది తగ్గి, మిగిలినదీ పని చేయకపోతే ఆ చక్కెరకి గది ఉండదు. గోపికి ఇప్పుడు షుగర్ లేదు, సంతోషం. నడుం 37 అంగుళాలు అంటే 94 సెంటీమీటర్లు. మనవాళ్లలో మగవాళ్లకి 90 దాటితే జాగ్రత్త పడమంటారు. కేలరీల లెక్కలో 26గా కనిపించే కండ, ఈ లెక్కలో చాలా పెద్దది.

హార్బర్_రాజు
మా నాన్న 70 ఏళ్లు. ఇప్పటికీ పొద్దున మూడింటికి లేచి వలలు లాగుతాడు, చేపల గంప ఎత్తుతాడు. ఒంటి మీద కొవ్వు వెతకాలి. నేను ఐస్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను, నలభైకే పొట్ట. ఇద్దరం తినేది ఒకే కుండలోది. ఆయనే ఎక్కువ తింటాడు.

సింహాచలం_మెట్లు
అదే నేను చెప్పేది, నడవండి అని. రోజూ పొద్దున నడిస్తే కండ ఎక్కడికీ పోదు.

ఫిజియో_పద్మజ
మెట్లు గారు, మీ గిరి ప్రదక్షిణకి నమస్కారం. కానీ నడక కేలరీలకి మంచిది, కండ నిలబెట్టడానికి చాలదు. చదునైన బీచ్ రోడ్డు మీద నడిస్తే తొడ కండ మీద బరువు పెద్దగా పడదు. భుజాలకీ చేతులకీ అసలు పడదు. మీ పేరులో ఉన్న మెట్లు అయితే వేరు, అవి ఎక్కడం నిజంగా బరువు మోసే పనే. రాజు వాళ్ల నాన్నది నడక కాదు, లాగడం, ఎత్తడం. వయసుతో ముందు సన్నబడేవి గబుక్కున బలం చూపించే పోగులు, వాటిని నెమ్మది నడక లేపదు.

సింహాచలం_మెట్లు
నేను మాత్రం నడకతోనే బాగున్నాను. దీని గురించి ఇక మాట్లాడను.

గాజువాక_గోపి
మేడం, నాకు కండ తగ్గిందో లేదో మిషన్ లేకుండా ఎలా చూసుకోవాలి?

ఫిజియో_పద్మజ
మామూలు డైనింగ్ కుర్చీ గోడకి ఆనించి వేసుకో. చేతులు గుండెల మీద కట్టుకుని, ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చో, ఎంత వేగంగా వీలైతే అంత. సెకన్లు లెక్కపెట్టమను. 12 సెకన్లు పడితే కాళ్ల పనితీరు తగ్గిందని లెక్క, కానీ అది పెద్ద వయసు వాళ్ల కోసం పెట్టిన హద్దు. దానితో పాటు టేపుతో తొడ మధ్యలో, పిక్క లావుగా ఉన్నచోట, బొడ్డు దగ్గర కొలిచి రాసుకో. నడుం తగ్గుతూ తొడ అలాగే ఉంటే దారి సరే. తూకం తగ్గి తొడ కూడా తగ్గుతుంటే లక్ష్మి గారి జావ దారి.

గాజువాక_గోపి
11 సెకన్లు. మా అమ్మాయి నవ్వింది. తను ఆరు సెకన్లలో చేసింది.

ఫిజియో_పద్మజ
12 లోపే, కానీ 43 ఏళ్లకి 11 గొప్ప కాదు.

వంటింటి_లక్ష్మి
గోపి గారి తిండిలో మాంసకృత్తులు ఎన్ని వస్తున్నాయో నేను కూర్చుని లెక్కేశాను, వంటింటి పని కదా. నాలుగు ఇడ్లీలు 8 గ్రాములు, పల్లీ చట్నీ 4. మధ్యాహ్నం అన్నం 8, సాంబారు 5, పెరుగు కప్పు 5. రాత్రి మూడు చపాతీలు 9, కూర 3. పాలు, టీ కలిపి 5. మొత్తం 47. జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు కిలో బరువుకి 0.83 గ్రాములు అంటారు, అంటే 77 కిలోలకి 64. పొద్దున 12 గ్రాములతో ఆఫీసుకి వెళ్తున్నారు.

ఫిజియో_పద్మజ
లక్ష్మి గారు, నా పని తగ్గించారు. 64 అనేది మామూలు అవసరానికి. కండ కాపాడుకుంటూ బరువు దిగాలంటే కిలోకి ఒకటి నుంచి 1.2 గ్రాముల దాకా పెట్టుకోమంటాను, అంటే 77 నుంచి 92. పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం సాంబారు బదులు ముద్దపప్పు, రాత్రి రెండు చపాతీలు తగ్గించి చేపో, సోయానో, పనీరో. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా పెంచకూడదు.

హార్బర్_రాజు
కానాగంతలు తీసుకోండి అన్నా. వంజరం ధరకి మూడింతలు వస్తాయి. వేపుడు చేయొద్దు, పులుసు పెట్టండి. హార్బర్‌కి పొద్దున ఆరు లోపు రండి.

పాత_బస్టాండు
చివరికి ఏం తేలింది, తిండి మార్చమనే కదా. ముప్పై పోస్టులు పెట్టారు.

లెక్కల_మాస్టారు
తిండి తగ్గించమనలేదు, మార్చమన్నారు. మీరు మొదట చెప్పింది తగ్గించమని. చదువుతున్నారా, అంకెలు మాత్రమే చూస్తున్నారా?

ఐరన్_చిన్నా
సరే మేడం, 100 అంకె వదిలేశా. కానీ జిమ్‌లో చేరమనే నేనూ చెప్పాను, అది మాత్రం కరెక్ట్.

ఫిజియో_పద్మజ
అది కరెక్టే చిన్నా. ఒక్క సవరణ, కండ పెరిగి కేలరీలు కాల్చేస్తుందని ఆశ పెట్టకు. మొదటి ఏడాది బాగా చేస్తే గోపికి రెండు కిలోలు రావచ్చు, అది రోజుకి 26 కేలరీలు. ఆ పేరు చెప్పి చేర్పిస్తే మూడో నెలలో తూకం చూసి మానేస్తాడు. వారానికి రెండు రోజులు చాలు. కుర్చీలోంచి లేవడం, గోడకి పుషప్, సంచిలో బియ్యం వేసి లాగడం, మెట్లు. ఆఖరి రెండు సార్లు కష్టంగా ఉండాలి. ఇరవై సార్లు హాయిగా చేయగలిగితే బరువు సరిపోలేదని అర్థం.

మధురవాడ_నైట్‌షిఫ్ట్
ఒక సందేహం ఎవరూ తీర్చలేదు. ముందు కండ పోయి కదలిక తగ్గిందా, కదలిక తగ్గి కండ పోయిందా? గోపి గారి విషయంలో 2016లో సీటు మారాకే మొదలైంది. అంటే వయసు ఏం చేసినట్టు?

ఫిజియో_పద్మజ
గోపి విషయంలో సీటే. కానీ రోజూ బరువులు ఎత్తే పోటీ ఆటగాళ్లకీ వయసుతో కొంత బలం తగ్గుతుంది, అది కూర్చోవడం వల్ల కాదు. ముప్పై దాటాక పదేళ్లకి 3 నుంచి 8 శాతం కండ పోతుందని అందరూ చెబుతుంటారు. ఆ మూడుకీ ఎనిమిదికీ మధ్య ఉన్న దూరంలో ఎంత వయసుది, ఎంత కుర్చీది అంటే నేను గీత గీయలేను.

గాజువాక_గోపి
మూడు వారాల తర్వాత వచ్చాను. కుర్చీ 9 సెకన్లు. పొద్దున రెండు గుడ్లు, సాయంత్రం ఆఫీసు మెట్లు నాలుగు అంతస్తులు. బరువు 77.2. నడుం అర అంగుళం తగ్గినట్టుంది, టేపు సరిగ్గా పట్టుకోలేదేమో. కండ వచ్చినట్టేనా మేడం?

ఫిజియో_పద్మజ
రాలేదు. మూడు వారాల్లో వచ్చిన ఆ రెండు సెకన్లు నరాలవి, ఉన్న కండనే ఒకేసారి పనికి పిలవడం ఒంటికి గుర్తొచ్చింది. కండ కొలతలో కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. 200 గ్రాములు నీళ్లు, పట్టించుకోకు. తొడ ఎంత ఉంది?

గాజువాక_గోపి
తొడ కొలవడం మర్చిపోయానండి.

మురీమిక్స్చర్
పన్నెండేళ్లుగా మర్చిపోయింది అదే కదా అన్నా.